టెంకాయ తోట: మొక్క పట్టడం నుంచి కొమ్ము పురుగు దాకా

(స్వర్ణముఖి ఒడ్డు ఊళ్ల టెంకాయ రైతులు ఏర్పేడు దగ్గర కూడినప్పుడు, ఉద్యాన శాఖలో పనిచేసి రిటైరైన అధికారి ఒకరు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగు విని టైపు చేసినాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినోళ్లు ముందుకు రండి, ముందు కుర్చీలన్నీ ఖాళీగానే ఉన్నాయి. ఈ మైకును నమ్ముకుంటే వెనకోళ్లకు ఏమీ వినపడదు.

టెంకాయ గురించి అంతా చెప్పండి సార్ అన్నారు. అంతా అంటే చీకటి పడుతుంది. అందుకని మొక్క తెచ్చిన రోజు నుంచి నాలుగో ఏడు దాకా, అంతవరకే మాట్లాడతా. ఎందుకంటే ఈ నాలుగేండ్లలో జరిగిన పొరపాటును తర్వాత సరిచేయడానికి వీల్లేదు. టమోటా పోతే మూణ్ణెల్లకు ఇంకో పంట పెట్టుకుంటాం. టెంకాయలో చెడ్డ మొక్క పట్టినామని ఎప్పుడు తెలుస్తుంది? పొడుగు రకం కాపుకు రావడానికే ఆరేడేండ్లు. ఇంకో రెండేండ్లు ఓపిక పడతారు. ఎనిమిదేండ్లు నీళ్లు పోసినాక ఈ చెట్టు కాయదని తెలిస్తే ఏం చేస్తారు? కొట్టడానికి చెయ్యి రాదు. పెట్టుకుంటే లాభం లేదు.

సరే, మొక్క దగ్గరికి వద్దాం. నర్సరీకి పోతారు. అక్కడ వరసలో పొడుగ్గా, పచ్చగా, మనిషి నడుమెత్తుకు ఒక మొక్క ఉంటుంది. పక్కనే దానికంటే పొట్టిగా, మొదలు లావుగా ఇంకోటి ఉంటుంది. మీరు ఏది తీసుకుంటారు? నిజం చెప్పండి. ఊఁ... పొడుగుది. అందరూ పొడుగుదే. మొక్కలను దగ్గర దగ్గరగా, నీడలో పెంచితే వెలుతురు కోసం పైకి సాగుతాయబ్బా. అది బలం కాదు. చూడాల్సింది ఎత్తు కాదు, మొదలు. కాయకు పైన, మట్టలు మొదలయ్యే చోట చుట్టుకొలత నాలుగంగుళాలు, అంటే పది సెంటీమీటర్లు ఉండాలి. నర్సరీకి పోయేటప్పుడు నాలుగంగుళాల దారం ముక్క జేబులో వేసుకోండి. మొదలు చుట్టూ తిప్పితే కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కినాయా, ఆ మొక్క వద్దు. కొసలు సరిగ్గా కలిసినా, మధ్య ఎడం ఉన్నా, తీసుకోండి. ఇంతకంటే పెద్ద శాస్త్రం అక్కర్లేదు.

రెండోది, ఏడాది మొక్కకు ఆరాకులన్నా ఉండాలి. మూడోది చాలామంది చూడరు. మొదట వచ్చే ఆకులు చీలకుండా ఒకే పలకగా ఉంటాయి కదా, తర్వాత వచ్చేవి ఈనె ఈనెగా చీలుతాయి. ఈ చీలడం ఎంత తొందరగా మొదలైతే అంత మంచి మొక్క. ఏడాది నిండినా అన్నీ పలకాకులే ఉంటే పక్కన పెట్టేయండి.

ఇంకోటి, మొక్కను చూసి తెలుసుకోలేనిది. ఎప్పుడు మొలిచింది అన్నది. విత్తనకాయ నారుమడిలో పెట్టినాక మంచివి మూడు నెలలకు అటూ ఇటూ మొలకెత్తుతాయి. ఐదారు నెలలైనా మొలవనివాటిని నిక్కచ్చిగా ఏరి పారేయాలి. నర్సరీవాడు పారేస్తాడా? కొందరు పారేస్తారు. కొందరు అవి కూడా మొలిచిందాకా ఆగి మనకే అమ్ముతారు. అందుకే నారుమడి వేసిన తేదీ అడగండి. ఒకే మడిలో సగం మొక్కలు ఇంత, సగం అంత ఉన్నాయంటే అక్కడ ఏరివేత జరగలేదని అర్థం.

హైబ్రిడ్ సంగతి అడుగుతారని తెలుసు. ఆ అన్న అప్పుడే చెయ్యి ఎత్తినాడు చూడండి. మన రాష్ట్రంలో అంబాజీపేట పరిశోధనా స్థానం నుంచి వచ్చిన గోదావరి గంగ మంచి హైబ్రిడ్. ఈస్ట్ కోస్ట్ టాల్ అనే పొడుగు రకానికీ, గంగబొండానికీ పుట్టింది. తొందరగా కాపుకొస్తుంది. అయితే మన ఊళ్లలో ఏం చేస్తారంటే, పక్కూళ్లో ఎవరి తోటలోనో హైబ్రిడ్ బాగా కాసింది, ఆ కాయలు నాలుగు మోపులు తెచ్చి మొలకేస్తారు. అది హైబ్రిడ్ కాదు నాయనా. దాని పిల్లల్లో ఒకటి తల్లిలాగ, ఒకటి తండ్రిలాగ, ఒకటి ఎటూ కాకుండా వస్తాయి. హైబ్రిడ్ మొక్క ప్రతిసారీ చేత్తో పరపరాగ సంపర్కం చేసిన గెల నుంచే రావాలి. సొంతంగా మొలకేసుకోవాలంటే పొడుగు రకంలోనే వేసుకోండి. ఇరవై ఏండ్లు దాటి, ఏటా ఎనభై కాయలకు తగ్గకుండా కాసే చెట్టు, తలలో ముప్పై మట్టలకు పైగా ఉన్న చెట్టు చూసి, పదకొండు పన్నెండు నెలలు నిండిన ముదురు కాయలు దించుకోండి. ఒక్క ఏడు విరగగాసి మరుసటేడు ఊరుకునే చెట్టు మాత్రం వద్దు.

ఎడం, గుంత

ఎకరాకు ఎన్ని? ఇరవై ఐదడుగుల ఎడంతో డెబ్భై మొక్కలు. ఇరవై అడుగులకు పెడితే నూటతొమ్మిది. ఆ ముప్పై తొమ్మిది మొక్కల మీద అందరికీ ఆశ. ఈ చుట్టుపక్కల పద్దెనిమిది అడుగులకు పెట్టిన తోటలు కూడా చూసినాను. మొదటి ఐదారేండ్లు చాలా బాగుంటాయి, చూసినోళ్లు మెచ్చుకుంటారు కూడా. పెద్ద చెట్టు మట్ట పదిహేను, పద్దెనిమిది అడుగులుంటుంది. ఇరవై అడుగుల్లో రెండు చెట్ల మట్టలు ఒకదాన్లోకి ఒకటి దూరిపోతాయి. లోపలి వరసల చెట్లు వెలుతురు కోసం వంకర తిరుగుతాయి, గెలలు చిన్నవవుతాయి. కయ్య గట్టు మీద ఉన్న చెట్టు బాగా కాసి, లోపలి చెట్టు కాయలేదంటే ఎరువు తక్కువైందని అనుకోవద్దు. ముందు ఎడం కొలవండి.

గుంత మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. మీవి ఏటిగట్టు ఇసుక నేలలు. నీళ్లు పోసిన గంటకే కిందికి దిగిపోతాయి. గుంత అడుగున టెంకాయ డొక్కలు రెండు వరసలు పరచండి, బోలుభాగం పైకి ఉండేటట్టు. వరసకూ వరసకూ మధ్య మట్టి వేయండి. ఆ డొక్కలు నీళ్లు పట్టి పెట్టుకుంటాయి. పైన మేలుమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి రెండడుగుల దాకా పూడ్చండి. పైన ఒక అడుగు ఖాళీ వదలండి. మొక్కను ఆ పల్లంలో పెట్టి, మొక్క పెరిగేకొద్దీ ఏటా కొంచెం కొంచెం మట్టి లాగుతూ రావాలి. కాయ మాత్రమే మట్టిలో కప్పబడాలి, మొదలు కప్పబడకూడదు. మట్టలు కలిసే సందులో మట్టి పడితే మొవ్వు కుళ్ళుతుంది. మొక్కను ఆకులు పట్టి లాగి ఎత్తవద్దు, కాయ కింద చెయ్యి పెట్టి ఎత్తండి. నాటినాక కూడా కొన్నాళ్లు ఆ కాయలోని తిండే మొక్కకు ఆధారం.

బాగా మాగిన ఎరువు అన్నాను. ఆ మాట గుర్తుంచుకోండి, పురుగు దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ అడుగుతా.

ఎప్పుడు నాటాలి? నీళ్లు నిలవని నేలయితే జూన్, జూలైలో నాటుకోండి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, అప్పటికి వేరు పట్టుకుంటుంది. పల్లపు కయ్య, బంకమట్టి అయితే ఆ వానలు పోయినాక నాటండి. 2021 నవంబరు వానలు ఎవరూ మర్చిపోలేదు కదా. ఆ పల్లపు గుంతలో నీళ్లు వారం నిలబడితే లేత మొక్కకు ఏముంటుంది.

ఎరువు

ఇక ఎరువు. పెద్ద చెట్టుకు ఏడాదికి యూరియా కిలో పైన ఇంకో వంద గ్రాములు, సూపర్ ఫాస్ఫేట్ రెండు కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ రెండు కిలోలు. దాంట్లో మొదటేడు పదోవంతు, రెండో ఏడు మూడోవంతు, మూడో ఏడు మూడింట రెండు వంతులు, నాలుగో ఏటి నుంచి పూర్తిగా. అంటే నాటిన మూణ్ణెల్లకు మొక్కకు నూటపది గ్రాముల యూరియా, రెండొందల గ్రాముల సూపర్, రెండొందల గ్రాముల పొటాష్ అవుతుంది. పెద్దదయ్యాక ఒకేసారి కుమ్మరించకుండా రెండు దఫాలుగా వేయండి. తొలకరిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి. పెద్ద చెట్టుకైతే మొదలు నుంచి ఆరడుగుల దాకా పాదు చేసి అందులో చల్లి, మట్టి కప్పి, తడి పెట్టాలి. మొదలుకు ఆనించి పోస్తే తినే వేరుకు అందదు.

ఈ లెక్కలో ఒకటి గమనించినారా? పొటాష్ యూరియాకు దాదాపు రెండింతలు ఉంది. మన దగ్గర జరిగేది తలకిందులు. యూరియా వేస్తే వారానికి ఆకు నల్లబడుతుంది, కంటికి ఆనుతుంది. పొటాష్ వేస్తే ఏమీ కనపడదు. అందుకని పొటాష్ మానేస్తారు. కాయ నింపేది, ఎండను తట్టుకునే శక్తి ఇచ్చేది పొటాషే.

కనపడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. టెంకాయ చెట్టు నెలకో మట్ట వేస్తుంది, మట్టకో గెల. మీరు ఈరోజు చూస్తున్న గెల పొత్తు విచ్చుకోవడానికి దాదాపు ముప్పై రెండు నెలల ముందే మొవ్వులోపల మొలక పోసుకుని ఉంటుంది. పొత్తు విచ్చుకున్నాక కాయ ముదరడానికి ఇంకో ఏడాది. మొత్తం ఎంతయింది? నలభై నాలుగు నెలలు. మూడున్నరేండ్లకు పైనే. ఈ ఏడు ఎరువేసి, వచ్చే ఏడు కాయలు లెక్కపెట్టి, 'సార్, మీరు చెప్పిన ఎరువుతో ఏం లాభం లేదు' అంటే నేను ఏం చెప్పాలి? అట్లాగే ఈ ఏడు కాపు తగ్గిందంటే, మూడేండ్ల కింద వేసవిలో బోరు ఎండిందా అని కూడా గుర్తు చేసుకోండి.

చెట్టు ఆకలి ఆకులోనే తెలుస్తుంది. కింది ముదురు మట్టల్లో ఆకు కొసల నుంచి, అంచుల నుంచి పసుపు, నారింజ రంగు తిరిగి ఎండుకుంటూ వస్తే పొటాష్ తక్కువ. ఈ తేడా పైన, కొత్త మట్టల్లో ఉంటే కథ వేరు. ఆకులు విడిపోకుండా అతుక్కుని, ముడతలు పడి, కొసలు కొక్కెంలాగా వంగి, మట్టలు పొట్టివైపోతా ఉంటే బోరాన్ లోపం. మూడు నుంచి ఆరేండ్ల మొక్కల్లో ఎక్కువగా వస్తుంది. చెట్టుకు యాభై గ్రాముల బోరాక్స్ పాదులో వేసి తడి పెట్టండి. తర్వాత వచ్చే మట్టలు చూడండి. చెడిపోయిన మట్ట బాగుపడదు, కొత్తది బాగా రావాలి. యాభై అన్నాను కదా అని ఐదు వందలు వేయకండి, ఎక్కువైతే బోరాన్ విషమే.

కొమ్ము పురుగు

ఇప్పుడు పురుగు. బోరాన్ లోపం, కొమ్ము పురుగు, రెండూ మొవ్వు దగ్గర ఆకును చెడగొడతాయి కాబట్టి చాలామంది ఒకదానికి ఇంకోదాని మందు వేస్తారు. తేడా చెప్తా. బోరాన్ లోపంలో ఆకు ముడత పడుతుంది, తెగదు. కొమ్ము పురుగు దెబ్బలో ఆకు తెగుతుంది, అదీ కత్తెరతో కోసినట్టు సూటిగా. విచ్చుకున్న మట్టను దూరం నుంచి చూస్తే రెండు పక్కలా సమానంగా, విసనకర్రలాగా తెగి ఉంటుంది. అంత చక్కగా ఎట్లా కోస్తుంది? అది విచ్చుకున్న ఆకును కోయదు. మట్ట మొవ్వులో మడతపడి ఉన్నప్పుడే మొదలు నుంచి తొలుచుకుని లోపలికి పోతుంది. కాగితాన్ని మడిచి కత్తిరించి విప్పినట్టు, ఒక్క తొలుపు అన్ని ఈనెల మీదా కనిపిస్తుంది.

దీన్ని బట్టి ఒక సంగతి తేలుతుంది. మీకు తెగిన ఆకు కనపడిన రోజుకు పురుగు తినేసి చాలా రోజులైంది.

ఈ పక్క ఊళ్లోనే ఒక తోట చెప్తా, పేరు అడగొద్దు, ఆయన ఇక్కడే ఉన్నాడేమో. ఎకరా, డెబ్భై మొక్కలు, మూడో ఏడు. మూడింట ఒక వంతు మొక్కలకు విసనకర్ర మట్టలు. తెగులు అనుకుని శిలీంధ్రాల మందు కొట్టించినాడు. నేను పోయి మొవ్వు మొదలు చూస్తే రంధ్రం, దాని చుట్టూ నమిలి బయటికి తోసిన పీచు. లోపల ఇనుప కడ్డీ పెట్టి తిప్పితే పురుగు కొసకు గుచ్చుకుని వచ్చింది. నల్లగా, తల మీద కొమ్ము, బొటనవేలంత లావు. సరే, ఇది ఎక్కడినుంచి వచ్చింది? ఇది చెట్టులో పుట్టదన్నా. చెట్టుకు తినడానికి వస్తుంది, గుడ్లు పెట్టేది వేరే చోట. కయ్య మూలలో ఎరువు దిబ్బ ఉంది. తొలకరి నుంచి ఎవరూ కదిలించలేదు. పారతో తవ్వితే తెల్లటి లావు పురుగులు, చంద్రవంకలాగా ముడుచుకుని, గంపలోకి ఏరుకునేన్ని. గట్టు అవతల 2021 వానలకు పడిపోయిన టెంకాయ మాను ఇంకా అక్కడే కుళ్ళుతా ఉంది. దాన్ని చీలిస్తే అందులో కూడా ఇవే.

ఇప్పుడు అడుగుతా. గుంతలో ఏ ఎరువు వేయమన్నాను? బాగా మాగింది. ఎందుకు? సగం మాగిన ఎరువు గుంతలో వేస్తే ఈ పురుగు పిల్లలను మనమే తోటలోకి మోసుకొచ్చినట్టు.

గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి దగ్గర దగ్గర ఆరు నెలలు పడుతుంది. దాంట్లో ఎక్కువ కాలం ఆ దిబ్బలోనే గడుస్తుంది. కాబట్టి రెండు మూడు నెలలకోసారి దిబ్బ తిరగేసి పిల్లలను ఏరేస్తే, కోళ్లకు వేస్తే ఇంకా మంచిది, ఒక్కటి కూడా రెక్కలు రాకుండా ఆగిపోతుంది. మెటారైజియం అనే బూజు మందు దిబ్బలో కలిపితే ఆ బూజు పిల్లలకు పట్టి చంపుతుంది. అయితే దిబ్బ తడిగా, నీడలో ఉండాలి. మన మే నెల ఎండకు ఆరిపోయిన దిబ్బలో కలిపితే డబ్బు దండగ. పాకెట్టు మీద చెప్పిన మోతాదు చూసి వాన తడి ఉన్నప్పుడు కలపండి.

మొక్క మీద ఏం చేయాలంటే, మొవ్వుకు దగ్గరగా ఉన్న రెండు మూడు మట్టల సందుల్లో నాఫ్తలీన్ గోళీలు, బట్టల్లో వేసుకుంటాం కదా అవే, సందుకొకటి పెట్టి పైన ఇసుక కప్పాలి. నలభై ఐదు రోజులకోసారి మార్చాలి. లేదంటే వేపపిండి, ఇసుక సమానంగా కలిపి ఆ సందుల్లో నింపండి. మొక్క చిన్నదైతే కొంచెమే. రంధ్రం ఉంటే ముందు కడ్డీతో పురుగు తీసి, తర్వాత నింపండి. పురుగును లోపల పెట్టి మూస్తే ఏం ఉపయోగం?

ఆ తోట రైతు ఇవన్నీ చేసినాడు. మానును చీల్చి కాల్చేసినాడు. నెల దాటినాక ఫోను. 'సార్, ఇంకా తెగిన ఆకులే వస్తా ఉన్నాయి, మీరు చెప్పింది పనిచేయలేదు' అని. ఏమైందో మీరే చెప్పండి. అవి ముందే మొవ్వులో తెగి కూర్చున్న మట్టలు! అవి బయటికి రావాల్సిందే. కొత్త రంధ్రం ఉందా, తాజా పీచు ఉందా, అది చూడన్నా అన్నాను. లేదు. తర్వాత వచ్చిన మట్టలు నిండుగా వచ్చినాయి.

లింగాకర్షక బుట్టల సంగతి. ఐదెకరాలకు ఒకటి చాలు. లేత తోట మధ్యలో పెట్టకండి. వాసనకు వచ్చిన పురుగులన్నీ బుట్టలో పడవు, కొన్ని పక్కనున్న మీ మొవ్వులోకే పోతాయి. తోటకు దూరంగా, గట్టు మీద పెట్టండి. ఒక్కరు పెట్టడం కంటే నలుగురు రైతులు కలిసి పెట్టుకుంటే మేలు.

కొమ్ము పురుగుతో ఒక్క మట్ట పోతుందిలే అనుకుంటారు. దాని వెనకాల వచ్చేది ఎర్రముక్కు పురుగు. అది చెట్టును చంపుతుంది. దానికి గాయం కావాలి. కొమ్ము పురుగు చేసిన రంధ్రంలోనో, పచ్చి మట్ట నరికిన చోటో, మాను మీద ఎక్కడానికి కొట్టిన గాట్లలోనో గుడ్లు పెడుతుంది. పిల్లలు మాను లోపలే తింటాయి, బయటికి ఏమీ కనపడదు. మాను మీద చిన్న రంధ్రం, దాంట్లో నుంచి ఎర్రగా, చిక్కగా కారే రసం, నమిలిన పీచు, ఇవీ గుర్తులు. మానుకు చెవి ఆనిస్తే కొరికే చప్పుడు కూడా వినపడుతుంది. ఆ దశలో కింది రంధ్రాలు బంకమట్టితో మూసి, పైదాంట్లో గరాటు పెట్టి లీటరు నీటికి ఒక మిల్లీ లీటరు ఇమిడాక్లోప్రిడ్ కలిపి పోసి, దాన్ని కూడా మూయాలి. మొవ్వు వాలిపోయినాక చేసేదేం లేదు. ఆ చెట్టు కొట్టి, చీల్చి, కాల్చేయండి. పచ్చి మట్ట నరకాల్సి వస్తే మానుకు ఆనించి నరకొద్దు, మూడు నాలుగడుగుల మొదలు వదిలి నరకండి.

తెల్లదోమ గురించి చీటీ వచ్చింది. ఆకు అడుగున తెల్లగా సుడులు సుడులుగా ఉంటుంది, కింద ఆకుల మీద నల్లటి మసి. 2016లో మన దేశంలో కనపడింది ఇది. ఆ మసి చూసి చెట్టు చచ్చిపోతుందని ఘాటు మందులు కొట్టిస్తా ఉన్నారు. దయచేసి కొట్టొద్దు. దాన్ని తినే చిన్న పరాన్నజీవి ఒకటి, ఎన్‌కార్సియా అంటారు, దోమ ఉన్న తోటలో తనంతట తనే పెరుగుతుంది. మందు కొడితే ముందు చచ్చేది అదే, దోమ మళ్లీ రెట్టింపవుతుంది. చిన్న మొక్కలైతే మోటారు పెట్టి ఆకు అడుగున నీళ్లు గట్టిగా కొట్టండి, అవసరమైతే వేపనూనె. పసుపు జిగురు అట్టలు కట్టండి. మసి పోవాలంటే గంజి పల్చగా చేసి కొడితే ఎండకు పెచ్చులుగా ఊడిపోతుంది.

కాయ మీద గోధుమ రంగు చారలు, కాయ చిన్నదవడం, అది నల్లి, ఆ సంగతి కాపుకొచ్చిన తోటలకు. ఈరోజు దాని జోలికి పోను.

ఇంక మాటలు చాలు. కడ్డీలు నాలుగు తెచ్చినాను. పక్క కయ్యలో మూడేండ్ల మొక్కలున్నాయి, యజమాని రమ్మన్నాడు. మొవ్వు మొదలు ఎట్లా చూడాలో, కడ్డీ ఎంత లోతుకు పెట్టాలో అక్కడే చూపిస్తా. లోతుగా గుచ్చితే మొవ్వే పోతుంది, అది నోటితో చెప్తే రాదు. ఆ పైన అక్కడి ఎరువు దిబ్బ కూడా తవ్వుదాం, పార ఎవరన్నా పట్టుకోండి.